కాలిన పరుపుకి గెస్ట్‌కి రాసిన ఉత్తరం, దాని వెనక లెక్క: నా అనుభవం

నెల్లూరులో మాకు ఒక చిన్న లాడ్జి ఉంది, నేను, మా అన్న కలిసి చూసుకుంటాం. మాఘమాసం వస్తే పెళ్ళిళ్ళ వాళ్ళతో గదులన్నీ నిండిపోతాయి. ఈ ఏడాది ఒక పెళ్ళికి వచ్చిన కుటుంబం ఖాళీ చేసి వెళ్ళాక గదిలో పరుపు కాలిపోయి కనిపించింది. డబ్బు అడుగుతూ వాళ్ళకి ఉత్తరం రాశాం. మా లాంటి చిన్న లాడ్జిల్లో ఇలాంటివి సాధారణంగా కౌంటర్ దగ్గర గొడవతోనో, ఫోన్‌లో అరుపులతోనో ముగుస్తాయి, చాలాసార్లు డబ్బూ రాదు. ఉత్తరం ఎలా రాయాలి, అందులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు అనేది ఎవరూ వివరంగా చెప్పరు కాబట్టి మాకు జరిగింది మొత్తం రాస్తున్నాను.

ఫిబ్రవరి 7న దిగారు, 9న ఉదయం పదిన్నరకి తాళం చేతులు ఇచ్చేశారు. గది తీసుకున్నది ఒక రిటైర్డ్ ఉద్యోగి, రిజిస్టర్‌లో సంతకం ఆయనదే, ఉన్నది మాత్రం ఆయన బావమరిది కుటుంబం. మధ్యాహ్నం పన్నెండు దాటాక రూమ్ బాయ్ దుప్పటి మార్చడానికి వెళ్ళి వెంటనే కిందకి వచ్చాడు. "అన్నా, గదిలో కాలిన వాసన వస్తా ఉంది, పరుపు తిరగేసి ఉండాది, ఒకసారి రా" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే పరుపు తిరగేసి ఉంది. ఎత్తి చూస్తే అడుగువైపు ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ, మధ్యలో ఫోమ్ కరిగి వేలు దిగేంత గుంట. పట్టుపంచె మంచం మీదే పరిచి ఇస్త్రీ చేసి, పెట్టెని నిలబెట్టకుండా బోర్లా వదిలేసి ఉంటారు. ఫోమ్ ఒక్కోసారి మంట పైకి రాకుండా లోపల్లోపలే కరుగుతూ, పొగలు కక్కుతూ పోతుంది. ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం.

మా అన్నకి కోపం వచ్చింది. కాలినందుకు కాదు, చెప్పకుండా తిప్పేసి వెళ్ళినందుకు. అప్పటికప్పుడే ఫోన్ చేసి నాలుగు మాటలు అనేద్దామన్నాడు. నేను ఆపాను. ముందు గదిని తాకకుండా ఫోటోలు తీయాలి, ఎందుకంటే ఒకసారి ఊడ్చి, దుప్పటి వేసి, కిటికీలు తీసేశాక ఆ గది ఇక మనం చెప్పే కథకి సాక్ష్యం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మేము ప్రతి గదికీ గెస్ట్ దిగే ముందు ఫోటోలు తీసి పెట్టుకుంటాం, తలుపు దగ్గర నుంచి ఒకటి, మంచం ఒకటి, బాత్‌రూమ్ ఒకటి. కానీ మంచం ఫోటోలో కనిపించేది పరిచిన దుప్పటి, పరుపు అడుగుభాగం కాదు. రేపు ఆయన "ఆ మచ్చ మేము రాకముందు నుంచే ఉందేమో, మీరు అడుక్కి తిప్పి మాకు ఇచ్చారేమో" అంటే ఆ ఫోటో ఒక్కటే దానికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది అలమారలో దొరికింది: మడిచి పెట్టిన మా దుప్పటి, దాంతో పాటు పరుపు మీద వేసే ప్రొటెక్టర్. రెండింటికీ అదే ఆకారంలో కన్నం. దిగే ముందు తీసిన ఫోటోలో ఉన్నది అదే నీలం అంచు దుప్పటి, ఏ మచ్చా లేకుండా. ఆ రోజు ఉదయమే అది మార్చినట్టు చాకలి పద్దు పుస్తకంలో రాసి ఉంది. మూడు పొరలనీ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే కన్నం, కన్నం, మచ్చ మూడూ ఒకే చోటికి వచ్చాయి. అంటే పరుపు కాలినప్పుడు దాని మీద ఆ దుప్పటే ఉంది, ఆ దుప్పటి 7వ తేదీ ఉదయం బాగుంది. మొత్తం కేసులో బలమైన సాక్ష్యం ఇదే, సీసీటీవీ కాదు. అందుకే రూమ్ బాయ్‌కి మొదట చెప్పిన మాట: ఆ దుప్పటి ఉతకడానికి వేయొద్దు, పారేయొద్దు. పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన గది నంబరు, తేదీ రాసి స్టోర్ గదిలో పెట్టాం.

ఫోటోలు మూడు దూరాల నుంచి తీశాం. గది మొత్తం కనిపించేలా ఒకటి, పరుపు మొత్తం కనిపించేలా ఒకటి, మచ్చ పక్కన టేపు పెట్టి దగ్గరగా ఒకటి. దగ్గర ఫోటో ఒక్కటే పంపితే అది ఏ గదిదో, ఏ పరుపుదో చూసేవాళ్ళకి తెలియదు. టేపు మీద మచ్చ పొడవు తొమ్మిది అంగుళాలు వచ్చింది. తర్వాత గెస్ట్‌కి పంపేటప్పుడు ఈ ఫోటోల్ని వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాం. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ, సమయం లాంటి వివరాలు కూడా అందులోంచి పోతాయి. అసలు ఫోటోలు ఫోన్‌లో అలాగే ఉంచాం.

సీసీటీవీ గది బయట వరండాలో ఉంది, లోపల ఉండదు, ఉండకూడదు కూడా. అది చెప్పేది ఒక్కటే, వాళ్ళు బయటికి వెళ్ళినప్పటి నుంచి మేము చూసే దాకా ఆ గదిలోకి ఇంకెవరూ వెళ్ళలేదని. మా డీవీఆర్‌లో నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి ఆ రెండు గంటల ముక్కని అదే సాయంత్రం పెన్ డ్రైవ్‌లోకి దించాం. దించుతుంటే తెలిసింది, డీవీఆర్ గడియారం అసలు టైమ్ కంటే 7 నిమిషాలు ముందుంది. దాన్ని సరిచేసే ముందు డీవీఆర్ స్క్రీన్‌నీ, పక్కనే పెట్టిన ఫోన్‌లో టైమ్‌నీ కలిపి ఒక ఫోటో తీశాం. ఉత్తరంలో కూడా ఆ 7 నిమిషాల తేడా మేమే రాసేశాం. అవతలి వాళ్ళు కనిపెట్టి అడిగితే అనుమానం అవుతుంది, మనమే చెప్తే అది ఒక వివరం మాత్రమే.

ఇంకొకటి. అదే గదిలో వాష్ బేసిన్‌కి సన్నటి బీట కూడా కనిపించింది. మా అన్న అది కూడా కలపమన్నాడు. కానీ దిగే ముందు తీసిన బాత్‌రూమ్ ఫోటోలో బేసిన్ సగమే పడింది, బీట ఉన్న వైపు కనిపించలేదు. కాబట్టి వదిలేశాం. నిరూపించలేనిది ఒక్కటి కలిపినా, ఎదుటివాళ్ళు దాన్నే పట్టుకుని మిగతాది కూడా అబద్ధమంటారు. ఆ బీట మా ఖర్చు.

ఇక ఎంత అడగాలి అనే దగ్గర మా ఇద్దరికీ పెద్ద చర్చే జరిగింది. మా గదుల తలుపుల వెనక ఒక పట్టిక అంటించి ఉంటుంది, అందులో "పరుపు కాలిస్తే 15,000" అని ఉంది. రిజిస్ట్రేషన్ కాగితం మీద కూడా, గదిలో వస్తువులకి నష్టం జరిగితే పట్టిక ప్రకారం చెల్లిస్తామని ఒక వాక్యం ఉంటుంది, దాని కిందే ఆయన సంతకం. సంతకం ఉంది కదా, 15,000 అడుగుదాం అని మా అన్న. మా బంధువుల్లో ఒక వకీలు గారు ఉన్నారు, ఆయన్ని అడిగితే ఒప్పుకోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో ముందే రాసుకున్న మొత్తం అనేది గరిష్ఠ పరిమితి, సమంజసమైన పరిహారం దాని లోపలే ఉండాలి, రాసి ఉంది కదా అని మొత్తం వచ్చేయదు అన్నారు. "రెండున్నరేళ్ళు వాడిన పరుపుకి కొత్త పరుపు డబ్బు అడిగితే లాభం చేసుకుంటున్నట్టే కదరా" అన్నారు. ఆ మాట మా అన్నకి బాగా తగిలింది, ఆ తర్వాత ఎదురు చెప్పలేదు.

పరుపు కొన్న బిల్లు వెతికి తీశాం. సరిగ్గా 30 నెలల కింద, 13,500. ముందు రిపేరు అవుతుందేమో అడిగాం. పరుపుల షాపాయన వచ్చి చూసి, పై గుడ్డ ఫోమ్‌కి కుట్టేసి ఉంది, కాలిన చోటు కోసి ముక్క పెడితే పడుకున్నప్పుడు గుంతలా తగులుతుంది, గెస్ట్‌కి ఇవ్వలేరు అన్నాడు. అదే మాట తన షాపు లెటర్ ప్యాడ్ మీద రాసివ్వమంటే రాసిచ్చాడు. రిపేరు కాదు అని మనం చెప్పడం వేరు, ఆ పని చేసే మనిషి చెప్పడం వేరు.

లాడ్జిలో రోజూ మనుషులు పడుకునే పరుపుకి మేము 5 ఏళ్ళు, అంటే 60 నెలలు ఆయుష్షు లెక్కేసుకుంటాం. 30 వాడేశాం, 30 మిగిలింది. కాబట్టి సగం, 6,750. ప్రొటెక్టర్ 900 పెట్టి కొని ఏడాది అయింది, అది రెండేళ్ళు వస్తుంది, దాంట్లో సగం 450. దుప్పటి పాతది, దానికి ఏమీ వేయలేదు. మొత్తం 7,200. వాళ్ళు దిగేటప్పుడు ఇచ్చిన డిపాజిట్ 1,500 ఇంకా మా దగ్గరే ఉంది, అది తీసేస్తే 5,700.

గది ఒక రాత్రి ఖాళీగా పెట్టాల్సి వచ్చింది, వాసన పోవాలి కదా. కానీ ఆ రోజు రావాల్సిన వాళ్ళకి పక్క గది ఇచ్చాం, అద్దె పోలేదు, కాబట్టి అదీ అడగలేదు. జీఎస్టీ కూడా వేయలేదు. నష్టానికి ఇచ్చే పరిహారం గది అద్దె లాంటి సేవకి ఇచ్చే ధర కాదని, దీని మీద 2022 ఆగస్టు 3న 178 నంబరు సర్క్యులర్ ఉందని మా ఆడిటర్ చెప్పారు. అందుకే డబ్బు అందాక టాక్స్ ఇన్‌వాయిస్ కాకుండా రసీదు ఇచ్చాం.

ఉత్తరానికి ముందు ఒక్కసారి ఫోన్ చేశాను. "సార్, గదిలో పరుపు కాలి ఉంది, ఫోటోలు పంపుతాను చూడండి" అని మాత్రం అన్నాను, డబ్బు మాట ఎత్తలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాకు తెలీదయ్యా, మా వాళ్ళని కనుక్కుని చెప్తా" అన్నారు. ఆ తర్వాత కబురు లేదు. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాం, ఎందుకంటే నాలుగో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మన గొంతు మారిపోతుంది. రాసింది ఇది, పేరు, గది నంబరు తీసేసి పెడుతున్నాను:

"గౌరవనీయులైన ............ గారికి, నమస్కారం.

ఫిబ్రవరి 7 నుంచి 9 వరకు మీ పేరు మీద తీసుకున్న ...... నంబరు గది గురించి ఈ ఉత్తరం.

9వ తేదీ ఉదయం 10.30కి తాళంచెవులు అందాయి. మధ్యాహ్నం 12.20కి మా సిబ్బంది గది తెరిచినప్పుడు పరుపు తిరగేసి ఉంది. అడుగువైపు 9 అంగుళాల పొడవున ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలి ఉంది. ప్రొటెక్టర్, దుప్పటి అదే చోట కాలి, మడిచి అలమారలో ఉన్నాయి. 7వ తేదీ ఉదయం ఆ దుప్పటి బాగున్నట్టు ఫోటో ఉంది. 10.30 నుంచి 12.20 వరకు గదిలోకి ఎవరూ వెళ్ళలేదని వరండా కెమెరా రికార్డింగ్ చూపిస్తుంది (ఆ కెమెరా గడియారం 7 నిమిషాలు ముందుంది).

పరుపు ధర 13,500, వాడిన కాలం 30 నెలలు, ఆయుష్షు 60 నెలలు, మిగిలిన విలువ 6,750. ప్రొటెక్టర్ మిగిలిన విలువ 450. మొత్తం 7,200. మీ డిపాజిట్ 1,500 మినహాయించగా మీరు చెల్లించవలసినది 5,700 రూపాయలు.

ఈ మొత్తాన్ని మార్చి 7 సాయంత్రం 5 గంటలలోపు, మీరు గది అద్దె చెల్లించిన లాడ్జి ఖాతాకే పంపగలరు. వాయిదాల్లో ఇవ్వాలనుకుంటే ఆ తేదీ లోపు తెలియజేయండి.

పై వివరాలలో దేనితోనైనా మీరు ఏకీభవించకపోతే అదే తేదీ లోపు రాసి పంపండి. పరుపు, దుప్పటి, ప్రొటెక్టర్ అప్పటివరకు భద్రంగా ఉంచుతాం. మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ వచ్చి చూడవచ్చు.

ఆ తేదీ లోపు మీ నుంచి ఏ సమాచారమూ రాకపోతే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో పరిష్కారానికి దరఖాస్తు చేస్తాం.

జతపరిచినవి: ఫోటోలు, పరుపు, ప్రొటెక్టర్ బిల్లుల కాపీలు, షాపు వారి కాగితం, మీరు సంతకం చేసిన రిజిస్ట్రేషన్ కాపీ."

ఇందులో "మీరు కాల్చారు" అని ఎక్కడా లేదు, "దాచిపెట్టారు" అని లేదు. మా అన్న రాసిన మొదటి చిత్తులో ఆ మాట ఉంది, నేను కొట్టేసి "పరుపు తిరగేసి ఉంది" అని మాత్రం ఉంచాను. చదివేవాళ్ళకి విషయం దాంతోనే అర్థమవుతుంది, పైగా ఎవరు తిప్పారో మేము చూడలేదు. పోలీసు మాట కూడా లేదు. పొరపాటున పరుపు కాలితే అది కావాలని ఆస్తికి నష్టం చేసిన నేరం అవదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద ఆ కేసు కావాలంటే నష్టం చేయాలనే ఉద్దేశమో, నష్టం జరుగుతుందని తెలిసి చేయడమో ఉండాలి. లేని కేసు పేరు చెప్పి డబ్బు అడిగితే అప్పుడు తప్పు మా వైపు వస్తుంది. అలాగే వాళ్ళ ఆధార్ కాపీ, ఫోటోలు లాడ్జి యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది మాత్రం ఎవరూ చేయొద్దని గట్టిగా చెప్తున్నాను, పరుపు డబ్బు కోసం ఒక మనిషి పరువు తీసే హక్కు మనకి లేదు.

గడువు మార్చి 7 అని పెట్టడానికి కారణం ఉంది. ఉత్తరం తేదీ ఫిబ్రవరి 17. ఆయన పెన్షన్ మీద బతికే మనిషి, ఒకటో తారీఖు దాటాలి, ఆ తర్వాత నాలుగు రోజులు ఊపిరి తీసుకోవాలి. "వారంలోగా" అని రాస్తే ఏ రోజు నుంచి వారం అనే వాదన వస్తుంది, ఉత్తరం అందిన రోజా, రాసిన రోజా అని. తేదీ, గంట రాస్తే వాదనే లేదు. మాకు తొందర కూడా లేదు, ఇలాంటి బాకీకి దావా వేయడానికి చట్టం 3 ఏళ్ళు ఇస్తుంది. కోర్టులో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టడానికి కోర్టు ఫీజు ఉండదు. అవి మనసులో ఉంటే ఉత్తరంలో బెదిరింపు రాయాలనిపించదు.

ఉత్తరం రిజిస్టర్‌లో సంతకం పెట్టిన ఆయనకే పంపాం, గదిలో ఉన్న బావమరిదికి కాదు. గది ఇస్తామన్న మాట మాకు, ఆయనకి మధ్య జరిగింది. ఆధార్ మీద ఉన్న ఊరు పాతదని ఆయనే దిగేటప్పుడు చెప్పి కొత్త అడ్రసు రాశారు కాబట్టి రెండు అడ్రసులకీ, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్ట్ చేశాం, అదే కాపీ వాట్సాప్‌లో కూడా పంపాం.

నాలుగైదు రోజులకి ఆయన కొడుకు ఫోన్ చేశాడు, ఇది ఏదైనా సైబర్ మోసమేమో అని. ఈ రోజుల్లో ఆ అనుమానం న్యాయమే. అందుకే ఉత్తరంలో కొత్త నంబరు గానీ క్యూఆర్ కోడ్ గానీ పెట్టలేదు, వాళ్ళు అద్దె కట్టిన ఖాతానే రాశాం. "మీ నాన్నగారి ఫోన్‌లో 7వ తారీఖు పంపిన యూపీఐ చూడండి, పేరు అదే ఉంటుంది" అంటే చూసి నమ్మాడు. తర్వాత లెక్క అడిగాడు. ఆ కంపెనీ పరుపుకి పదేళ్ళ వారంటీ ఇస్తుంది కదా, మీరు ఐదేళ్ళు ఎలా వేశారు అన్నాడు. వారంటీ ఇంట్లో వాడకానికి, లాడ్జి వాడకం వేరు అని చెప్పి, పదేళ్ళు వేస్తే మిగిలిన విలువ పెరుగుతుంది, మీరు పరుపుకే 10,125 కట్టాల్సి వస్తుంది, ఐదేళ్ళు వేయడం మీకే తక్కువ అని లెక్క చూపించాను. కాసేపు ఆగి "సరేనండీ" అన్నాడు.

పరుపు ముందే కాలి ఉందేమో అనే మాట కూడా వచ్చింది, మేము అనుకున్నట్టే. అప్పుడు మూడు పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి తీసిన ఫోటో, 7వ తేదీ ఉదయం దుప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి పంపాను. దాని మీద ఇక ఏ ప్రశ్నా రాలేదు.

ఉత్తరం బావమరిది పేరు మీద మార్చి ఇవ్వమని పెద్దాయన అడిగారు. అది కుదరదన్నాను, కానీ డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చినా తీసుకుంటాను, రసీదు మాత్రం మీ పేరు మీదే ఇస్తాను అన్నాను. మార్చి 2న 3,000, 6న 2,700 వచ్చాయి, రెండూ బావమరిది దగ్గర నుంచే. పెద్దాయన ఆ రోజు ఫోన్ చేసి "నువ్వు గట్టిగా మాట్లాడి ఉంటే నేను కట్టేవాణ్ణి కాదు, వాళ్ళ చేత కట్టించేవాణ్ణీ కాదు. కాగితం చూపించాక వాళ్ళు కూడా నోరు మెదపలేదు" అన్నారు.

రసీదుతో పాటు ఇంకో కాగితం కూడా ఇచ్చాం: ఆ గదికి సంబంధించి మీ నుంచి మాకు రావలసినది ఇంకేమీ లేదు, ఇకపై ఏదీ అడగము అని. ఇది ఇవ్వకపోతే డబ్బు కట్టినవాళ్ళకి మనసులో బెరుకు ఉండిపోతుంది. సగం విలువ కట్టారు కాబట్టి పరుపు కావాలంటే తీసుకెళ్ళమని చెప్పాం, వద్దన్నారు. దుప్పటి, ప్రొటెక్టర్ కూడా అప్పుడే స్టోర్ గదిలోంచి తీసేశాం. తలుపు వెనక పట్టికలో "పరుపు కాలిస్తే 15,000" అనే గీత కొట్టేసి, "కొన్న ధరలో వాడిన కాలం తీసేసి మిగిలిన విలువ, బిల్లు చూపిస్తాం" అని రాయించాం.